ఏ పచ్చరా ఇది?

మన బడి డ్రాయింగ్ గది గుర్తుందా? నీళ్ల ట్యాంకు పక్కన, ఒకే ఒక్క కిటికీ ఉండేది. తొమ్మిదో తరగతిలో ఓ శనివారం మాస్టారు ఆ కిటికీ దగ్గర స్టూలు వేసి, దాని మీద ఇత్తడి బిందె పెట్టి గీయమన్నారు. బొమ్మ బాగానే కుదిరింది. పోస్టర్ కలర్‌తో పసుపు పూశాను. నీడ పడ్డ వైపు ముదురుగా కావాలి కదా అని అదే పసుపులో నలుపు కలిపి పూశాను. సగం బిందెకు చెరువు నాచు పట్టినట్టయింది.

మాస్టారు వచ్చి చూశారు. "ఏ పచ్చరా ఇది?"

"పచ్చేనండీ... ఇత్తడి కదండీ."

"పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా పాత పింగాణీ ప్లేటు, అగ్గిపుల్ల తెమ్మన్నారు. ప్లేటులో తెలుపు వేసి, అగ్గిపుల్ల కొనతో చుక్క నలుపు కలిపారు. బూడిద రంగు వచ్చింది. దాని పక్కనే కాస్త బ్రౌన్ పూసి, "ఇప్పుడు ఆ బూడిద చూడు" అన్నారు. అందులో నీలం తొంగిచూస్తోంది. మన సీసాల్లో నలుపు చాలావరకు మసి నలుపే. పలచబడితే దాని నీలి ఛాయ బయటపడుతుంది. పసుపులో పడితే నీలం, పసుపు కలిసినట్టే. ఆకుపచ్చ రాక మరేం వస్తుంది?

ఆయన చేసిన దిద్దుబాటు ఇది: ఆరు చుక్కల క్రోమ్ ఎల్లోలో ముందు బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు ఒక చుక్క వేసి బాగా కలిపారు. అది ముదురు బంగారు రంగుకు తిరిగాక, అగ్గిపుల్ల కొనకు అంటినంత నలుపు. అంతే, ఆ నీడ ఇత్తడిదే అనిపించింది. ముందు ఎర్రదనం వైపు తిప్పి పెట్టుకుంటే నలుపులోని నీలం దాన్ని పచ్చ చేయలేదు. పసుపు పుట్టుకతోనే లేత రంగు, అందుకే కొంచెం నలుపుకే కుదేలవుతుంది. నీలానికి ఈ బాధ లేదు గానీ అది ముందే ముదురు కనుక, నలుపు కాస్త ఎక్కువైతే నల్లగానే మిగులుతుంది.

నలుపు కలిపితే షేడ్, తెలుపు కలిపితే టింట్, బూడిద కలిపితే టోన్ అని ఆ రోజే చెప్పారు. (చీరల కొట్లో "ఇంకో షేడ్ చూపించండి" అనే మాటకు, దీనికి సంబంధం లేదు.)

నాకు కొరుకుడు పడనిది టోనే. బిందె అవతలి అంచు నీడలో లేదు, వెలుగులోనూ లేదు, మెరుపు తగ్గిందంతే. దానికి బూడిద కలిపితే అదీ ముదురైపోయింది. నా బూడిద పసుపు కన్నా నల్లగా ఉండటమే కారణం. అలాంటిది కలిపితే మెరుపుతో పాటు వెలుగూ పోతుంది. మాస్టారు ఆరిన పసుపు మీద బూడిద చుక్క పెట్టి, కళ్లు సగం మూసి చూడమన్నారు. చుక్క నల్లగా కనిపిస్తే బూడిదలో ఇంకా తెలుపు పోయాలి. చుక్క దాదాపు కలిసిపోయి, ఎక్కడుందో తెలియకపోతే సరిపోయినట్టు. పసుపుకు సరిపడే బూడిద ఎంత తెల్లగా ఉండాలో చూసి ఆశ్చర్యపోయాను. ఆ బూడిదలోనూ వెంట్రుకవాసి బర్న్ట్ సియెన్నా వేయాలి, లేకపోతే మళ్లీ నాచే.

మెరుపు చోట తెలుపు కలపడంలో నా తెలివి వేరే. పసుపు గరిటెడు తీసుకుని తెలుపు పోస్తూ పోయాను, సగం సీసా అయిపోయినా లేత కాలేదు. తెలుపులోకి రంగును చుక్కలుగా వేయాలి, రంగులోకి తెలుపును కాదు. మరీ లేతయ్యాక పసుపు మజ్జిగలా చల్లబడుతుంది. కాస్త నారింజ తగిలిస్తే మళ్లీ వెచ్చగా కనబడుతుంది.

ఇంకో తలనొప్పి: పోస్టర్ కలర్ తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఇంకోలా ఉంటుంది. లేతవి ఆరితే కాస్త ముదురుతాయి, ముదురువి తేలిపోతాయి. అందుకే కాగితం పట్టీ మీద పూసి, ఆరనిచ్చి చూసుకోవాలి. ఇప్పుడు ఆదివారాలు యాక్రిలిక్‌తో వేస్తున్నాను. అది ఆరాక కొంచెం ముదురుతుంది, పట్టీ అలవాటు పోలేదు. వాటర్ కలర్ వేసేవాళ్లకు ఈ తెలుపు గొడవ తక్కువ: వాళ్ల తెలుపు కాగితమే, నీళ్లు పోస్తే టింట్.

ఆనాటి పట్టీ ఒకటి పాత నోట్‌బుక్‌లో దొరికింది. పసుపు నుంచి నీడ దాకా ఐదు గళ్లు. నాలుగోది పచ్చగా ఉంది. దాని కింద పెన్సిల్‌తో మాస్టారి రాత: "బర్న్ట్ సియెన్నా మర్చిపోయావు."