రుచి చూశాకే కౌంటర్ దాటాలి

జయపురంలోని మా కేఫ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి కాసేపు మాట్లాడే పని నాకు పడింది. ప్రతి ఎస్ప్రెస్సో షాట్‌నీ, ప్రతి పాల కాఫీనీ రుచి చూశాకే ఇవ్వాలని చెప్పడం మొదలుపెట్టానో లేదో, రాయగడ నుంచి వచ్చిన అమ్మాయి అడిగేసింది: "అక్కా, ఎంగిలి అవదా?"

అడగాల్సిన ప్రశ్నే. అందుకే ముందు చెంచాల సంగతి చూపించాను. షాట్ దిగగానే శుభ్రమైన చెంచాతో అడుగు నుంచి కలపాలి. మొదట దిగిన చిక్కటిది అడుగున ఉండిపోతుంది కాబట్టి పై చుక్క చూస్తే ఏమీ తెలియదు. అర చెంచా నోట్లో వేసుకున్నాక ఆ చెంచా మళ్లీ కప్పు వైపు వెళ్లకూడదు, వాడిన చెంచాల గ్లాసులో పడాలి. పాలైతే కప్పులో పోశాక జగ్గులో మిగిలినవి వేరే చిన్న కప్పులోకి వంపుకుని చూడాలి. మింగక్కర్లేదు, సింక్‌లో ఉమ్మేయొచ్చు. రోజంతా మింగితే రాత్రి నిద్ర పట్టదు మరి.

"టైమర్, కాటా ఉన్నాయి కదక్కా, మళ్లీ నాలుక ఎందుకు?" అన్నాడు ఇంకో అబ్బాయి. సరిగ్గా అప్పుడే దిగిన షాట్ వాడికే ఇచ్చాను. 18 గ్రాముల పొడి, 36 గ్రాముల కాఫీ, 27 సెకన్లు. లెక్కలో వంక లేదు. చప్పరించి మొహం వికారంగా పెట్టాడు: ముందు పులుపు, వెంటనే చేదు. పొడి నింపి మెషీన్‌కి బిగించే పోర్టాఫిల్టర్‌లోంచి పొడి ముద్దని తట్టి చూపిస్తే అంచున చిన్న బొక్క. నీళ్లు ఎక్కువగా అక్కడి నుంచే జారిపోయాయి. ఆ దారి పక్కనున్న పొడి నుంచి చేదు దిగింది, మిగతా పొడి సగమే దిగి పులుపు ఇచ్చింది. రెండూ కలిసి బరువూ, టైమూ మాత్రం సరిపోయాయి. గ్రైండర్ ముట్టుకోకుండా పొడిని సమంగా సర్ది, వంకర లేకుండా నొక్కి మళ్లీ తీయించాను. ఈసారి తీపి తగిలింది. వట్టి పులుపే అయితే పొడి ఇంకా సన్నగా, నోరు ఆరబెట్టే చేదైతే కాస్త బరకగా మార్చాలి. మార్చాక మొదటి షాట్ పారబోయాల్సిందే, గ్రైండర్‌లో పాత పొడి ఇరుక్కుని ఉంటుంది.

పాలు 60 నుంచి 65 డిగ్రీల మధ్య తియ్యగా ఉంటాయి, 70 దాటితే ఉడుకు వాసన వస్తుంది. ఆవిరి గొట్టంలో ఆగిన నీళ్లు ముందే వదలకపోతే పాలు పల్చబడతాయి. ఎండాకాలం కరెంటు పోయిన రోజు పాలలో వచ్చే సన్నటి పులుపుని థర్మామీటర్ చెప్పదు. షాట్‌నీ పాలనీ విడివిడిగా చూడమనేది ఇందుకే. కలిపేశాక ఆ పులుపు దేనిదో తేల్చలేం.

రష్‌లో కుదురుతుందా అన్నారు. అర చెంచాకి రెండు మూడు సెకన్లే కదా! కాకపోతే మధ్యమధ్యలో నీళ్లు పుక్కిలించాలి. ఆవకాయ అన్నం తినొచ్చినవాళ్లు మాత్రం కాసేపు చెంచా పక్కవాళ్లకి ఇచ్చేయాలి.