రొయ్యల మీటరు లాంచ్ వీడియోకి స్క్రిప్టు రాశాను

భీమవరంలో రొయ్యల చెరువులకి ఆక్సిజన్ మీటరు తయారుచేసే ఓ చిన్న కంపెనీ లాంచ్ వీడియోకి స్క్రిప్టు రాసే పని నాకు తగిలింది. మాట్లాడేది ఓనరు గారే.

కాగితాన్ని నిలువునా రెండు చేశాను. ఎడమ పక్క తెర మీద కనపడేది, కుడి పక్క ఆయన మాట. నిడివికి నిమిషానికి ఇన్ని పదాలనే ఇంగ్లీషు లెక్క మనకి పనికిరాదు, తెలుగు పదాలు పొడుగు. పైకి చదివి గడియారం చూసుకోవడమే.

అసలు తంటా క్లిక్, అంటే తెర మీద స్లైడు మారే గుర్తు, ఎక్కడ పెట్టాలన్నదే. ఒకచోట ఇలా రాశాను:

"తెల్లారుజామున నాలుగింటికి మీ చెరువులో ఆక్సిజన్ ఎంతుందండీ? [రెండు సెకన్లు ఆగాలి] [క్లిక్: నల్ల తెర, 2.8] రాత్రంతా నాచూ రొయ్యలూ కలిసి పీల్చేసుకుంటే మిగిలింది ఇదీ."

"అంకె ముందే వేసేద్దాం బాబూ, బాగా కనపడుద్ది" అన్నారాయన. ముందే వేస్తే జనం అంకె చదివేసుకుంటారు, ఆయన ప్రశ్న గాలికి పోతుంది. ఆక్సిజన్ లీటరు నీటికి మూడు మిల్లీగ్రాముల కిందకి దిగితే ఎంత ప్రమాదమో రైతులకి ఒకరు చెప్పక్కర్లేదు; ఆ రెండు సెకన్లలో ఎవరి చెరువు వాళ్ళకి గుర్తొస్తుంది. అందుకే అక్కడ ఫేడ్ వద్దు, ఠక్కున కట్ అని రాశాను. రాత్రి తెల్లారే బొమ్మ దగ్గర మాత్రమే ఫేడ్ ఉంచాను. వెనక తెరని కెమెరాతో తీస్తే అంకెలు వెలిసిపోతాయి కాబట్టి స్లైడ్లు ఎడిటింగులో విడిగా అతికించాలి. ఎడిటరుకి నా [క్లిక్] గుర్తులే కట్ పాయింట్లు.

చివర్లో ఊరించడానికి ఓనరు గారు వచ్చే ఏడాది మీటరు చూపిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. 1983లో అమెరికాలో ఆస్బోర్న్ అనే కంప్యూటర్ కంపెనీ రాబోయే మోడల్ సంగతి ముందే చెప్పేసిందట, ఉన్న సరుక్కి ఆర్డర్లు పడిపోయాయట. వేరే కారణాలూ ఉన్నాయంటారు గానీ, ఆ ఏడే కంపెనీ దివాలా తీసిన మాట నిజం. కొత్తది వస్తోందంటే మన రైతు మాత్రం ఇవాళ ఎందుకు కొంటాడు? "అయితే ఏం చూపిద్దామంటావ్?" అన్నారు. ఇదే మీటరుకి తగిలించే డబ్బా ఒకటి తయారవుతోంది, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ని దానంతట అదే ఆన్ చేస్తుంది. అది కావాలన్నా ముందు మీటరు కొనాలిగా!

"ఈ మీటరు మిమ్మల్ని లేపుద్ది. [నవ్వాలి] లేచెళ్ళి ఏరియేటర్ వెయ్యాల్సింది మాత్రం మీరే. [ఆగాలి] ఇప్పటికి. [క్లిక్: చీకట్లో డబ్బా అంచు, పచ్చ లైటు, ఏరియేటర్ చప్పుడు] [నల్ల తెర]"

పేరు లేదు, ధర లేదు, తేదీ అసలే లేదు. తేదీ చెప్పి తప్పితే ఫోన్లు ఎత్తలేం. థంబ్‌నెయిల్లో కూడా ఆ డబ్బా పెట్టొద్దని ఎడిటరుకి ఎర్ర ఇంకుతో రాసిచ్చాను.