ఓనరు పాన్ నంబరుతో అద్దె రసీదులు: నా అనుభవం

హైదరాబాద్‌లో నెలకు 15,000 అద్దె. అంటే 2024-25లో ఏడాదికి 1,80,000. అద్దె ఏడాదికి లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోసం ఆఫీసులో ఇచ్చే ఫారంలో ఓనరు పాన్ నంబరు రాయాల్సిందే. ఆ ఏడాది అది ఫారం 12బీబీ. ఇదంతా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానం ఎంచుకుంటే ఈ మినహాయింపు రాదు.

జనవరిలో ప్రూఫులు ఇచ్చే హడావుడిలో అడిగితే ఓనరు బెదిరిపోతారని డిసెంబరు మొదట్లోనే వెళ్లాను. "పాన్ ఇస్తే నాకు ట్యాక్స్ నోటీసు వస్తుందేమోనమ్మా" అన్నారు అంకుల్. ఆయన పెన్షనరు, ఆ భయం సహజం. ఇంటి పన్ను రసీదు చూపించమన్నాను. ఇల్లు ఆంటీ పేరున ఉంది. నేను మాత్రం అగ్రిమెంటు అంకుల్‌తో రాసుకుని, అద్దె కూడా ఆయన ఖాతాకే పంపుతున్నాను. ఎక్కువ మంది దొరికిపోయేది ఇక్కడే: రసీదు ఒకరిది, పాన్ మరొకరిది, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పేరు ఇంకొకరిది. అద్దె ఎవరి ఆదాయమో వాళ్ల పాన్ ఇవ్వాలి.

ఆంటీ లెక్క కాగితం మీద వేసి చూపించాను. అద్దె 1,80,000లో కట్టిన ఇంటి పన్ను పోగా మిగిలిన దాంట్లో 30 శాతం మరమ్మతుల కింద ఎలాగూ తీసేస్తారు. ఇంటి పన్ను లెక్కలోకి తీసుకోకపోయినా మిగిలేది 1,26,000. ఆవిడకు వేరే ఆదాయం లేదు, ఆ ఏడాది కొత్త విధానంలో 3 లక్షల వరకు పన్ను లేదు. అప్పుడు ఆంటీయే లోపలికెళ్లి పాన్ కార్డు తెచ్చారు. ఇల్లు అంకుల్‌దే అయ్యుంటే ఆ మొత్తం ఆయన పెన్షన్‌కు కలిసేది, పన్ను పడేదేమో. ఆ మాట దాచకుండా చెప్పాలి.

అగ్రిమెంటు ఆంటీ పేరున తిరిగి రాసుకుని, ఆ నెల నుంచి అద్దె ఆవిడ ఖాతాకు పంపాను. రసీదు నేనే టైప్ చేసి తీసుకెళ్లాను: నా పేరు, ఇంటి చిరునామా, ఏ నెల అద్దె, ఎంత, ఎలా చెల్లించాను, ఆంటీ పేరు, పాన్, సంతకం. పాత నెలల రసీదుల్లో డబ్బు అంకుల్ ఖాతా ద్వారా ఆంటీకి అందిందని ఉన్నదున్నట్టే రాశాం. మెయింటెనెన్స్ 1,500 అద్దెలో కలపలేదు. నగదుగా 5,000 మించి ఇస్తే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించి, దాని మీదుగా సంతకం చేయించాలి.

నా బేసిక్, డీఏ కలిపి ఏడాదికి 4,80,000, హెచ్‌ఆర్‌ఏ 1,92,000. అద్దెలోంచి జీతంలో పదో వంతు 48,000 తీస్తే 1,32,000. ఆ ఏడాది హైదరాబాద్‌కు జీతంలో 40 శాతం పరిమితి, అది 1,92,000. మూడింటిలో తక్కువది 1,32,000, అంతే మినహాయింపు.

ఓనరుకు పాన్ లేకపోతే ఆ మాటే రాసి, పేరు, చిరునామాతో సంతకం చేసిన డిక్లరేషన్ తీసుకోండి. ఉండి ఇవ్వనంటే ఆఫీసు ఒప్పుకోదు. నంబరు కల్పించి మాత్రం రాయకండి. ఆఫీసు గడువు దాటినా, రసీదులు చేతిలో ఉంటే రిటర్ను వేసేటప్పుడు క్లెయిమ్ చేసుకోవచ్చు.