సోమవారం పొద్దున ఫ్రిజ్ మిన్ 30.7 చూపిస్తే: అమెరికా క్లినిక్‌లో వ్యాక్సిన్ల లెక్క

ఇండియాలో నర్సింగో ఫార్మసీయో చదివి, ఇక్కడికొచ్చి పిల్లల క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా చేరినవాళ్లకు మొదటి వారంలోనే వ్యాక్సిన్ ఫ్రిజ్ అప్పజెబుతారు. 2 నుంచి 8 డిగ్రీలన్న సూత్రం మనకు నోటికొచ్చిందే. ఇక్కడ మాత్రం తెర మీద ఫారన్‌హీట్ కనిపిస్తుంది, చాలా క్లినిక్‌ల లాగ్ షీటూ అందులోనే ఉంటుంది. ఫ్రిజ్‌కి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే హద్దు 36 నుంచి 46 డిగ్రీలు. గుర్తుంచుకోవాల్సిన మరో అంకె 32. సున్నా సెల్సియస్ అంటే అదే. తెర మీద 31 కనబడితే, సెల్సియస్‌కి అలవాటుపడిన కంటికి అది వేడిలా అనిపిస్తుంది. నిజానికి అది గడ్డకట్టే చలి.

వేడెక్కిన ఫ్రిజ్ గురించి అందరూ కంగారుపడతారు. చల్లబడిపోయిన ఫ్రిజ్‌ని చూసి ‘ఇంకా మంచిదేగా’ అనుకుంటారు. ఇక్కడే పెద్ద నష్టం జరుగుతుంది. కొద్ది గంటలు వేడి తగిలినా చాలా వ్యాక్సిన్లు ఎంతో కొంత తట్టుకుంటాయి. అల్యూమినియం లవణం కలిసిన ద్రవ వ్యాక్సిన్లు మాత్రం ఒక్కసారి గడ్డకడితే చాలు, శక్తి పోతుంది. మళ్లీ కరిగించినా తిరిగి రాదు. అందుకే ఇక్కడ చలి వైపు తప్పిన కేసునే తీసుకుందాం. ఇది ఉదాహరణ కోసం కట్టిన కేసే అయినా, ఇలాంటివి జరిగే తీరు ఇదే.

శుక్రవారం మధ్యాహ్నం క్లినిక్ రద్దీగా ఉంది. ఫ్రిజ్ తలుపు పదే పదే తెరుచుకుంటోంది. సాయంత్రం అయిదున్నరకు తెర మీద 45.1 ఉంది. హద్దు లోపలే ఉన్నా ఎవరో భయపడి థర్మోస్టాట్‌ని చలి వైపు తిప్పేసి ఇంటికి వెళ్లారు. శని, ఆదివారాలు తలుపు తెరిచేవాళ్లు లేరు. వేడి గాలి లోపలికి పోలేదు, కంప్రెసర్ మాత్రం కొత్త సెట్టింగ్ ప్రకారం చల్లబరుస్తూనే ఉంది. సోమవారం 7:40కి చూస్తే ఇప్పటి రీడింగ్ 35.1, ఈ మధ్యలో నమోదైన అతి తక్కువ రీడింగ్ మిన్ 30.7, అతి ఎక్కువ రీడింగ్ మ్యాక్స్ 45.1.

ఇప్పటి రీడింగ్ ఒక్కటే చూసేవాళ్లు 35.1ని 36 అని రాసేస్తారు. అలా రాయకూడదు. దశాంశంతో సహా తెర మీద ఉన్నదే రాయాలి. అసలు కథ మిన్‌లో ఉంది. రోజూ పొద్దున మొదటి డోసు తీయకముందే మిన్, మ్యాక్స్ చూసి రాయాలన్న నియమం పెట్టింది ఇందుకే. రాసి, ఫ్రిజ్ వేడిని ఎప్పటికప్పుడు రికార్డు చేసే లాగర్ డేటాని కంప్యూటర్‌లోకి దింపుకున్నాకే మిన్-మ్యాక్స్‌ని రీసెట్ చేయాలి. ముందే రీసెట్ నొక్కితే తెర మీది ఆధారం పోతుంది. తేదీ రాసేటప్పుడు ఇక్కడి వరసలో నెల ముందు, రోజు తర్వాత రావాలి. 03/04 అంటే మార్చి 4. మనవాళ్లు అలవాటు కొద్దీ తిప్పి రాస్తే, తర్వాత ఆ లాగ్ చదివేవాళ్లకు నెల రోజుల తేడా కనిపిస్తుంది. టైము పక్కన ఏఎమ్మో పీఎమ్మో, ఆ పక్కన మీ ఇనిషియల్స్ ఉండాలి.

రాసిన వెంటనే చేయాల్సినవి రెండు. మొదటిది, ఫ్రంట్ డెస్క్‌కి చెప్పి, ఎనిమిదింటికి రాబోయే రెండు నెలల పాప టీకాలను ఆపించాలి. రెండోది, వ్యాక్సిన్ కోఆర్డినేటర్‌కి చెప్పాలి. ఆవిడ సెలవులో ఉంటే ఆల్టర్నేట్ కోఆర్డినేటర్ ఉంటారు. ‘పొద్దున్నే డాక్టర్‌గారిని ఇబ్బంది పెట్టడం ఎందుకు, మధ్యాహ్నం చెబుదాంలే’ అనే మొహమాటం మనలో ఎక్కువ. ఆ ఆలస్యంలోనే ఎవరో ఒక సిరంజి నింపేస్తారు.

వ్యాక్సిన్లను పారేయొద్దు. చెత్తబుట్టలో పడేస్తే పోయినట్టే. వాటిలో కొన్ని ఇంకా పనికొస్తాయి. అన్నిటినీ ఒక కవర్లో పెట్టి, మీద ‘డు నాట్ యూజ్’ అని పెద్దగా రాసి, హద్దులో ఉన్న మరో ఫ్రిజ్‌లోకి మార్చాలి. ఆ ఫ్రిజ్‌లోనూ లాగర్ ఉండాలి. ఇంకో ఫ్రిజ్ లేకపోతే క్లినిక్ ఎమర్జెన్సీ ప్లాన్‌లో రాసిన చోటికి పంపాలి. పాత ఫ్రిజ్ థర్మోస్టాట్‌ని కోఆర్డినేటర్ మాత్రమే, కొద్దికొద్దిగా తిప్పాలి. తిప్పాక అరగంట ఆగి చూడాలి. ఆగకుండా మళ్లీ మళ్లీ తిప్పితే శుక్రవారం జరిగిందే వేడి వైపు జరుగుతుంది.

ఇప్పుడు లాగర్ గ్రాఫ్ చూద్దాం. అరగంటకోసారి రికార్డయ్యే లాగర్ కాబట్టి వరస స్పష్టంగా ఉంటుంది. శనివారం తెల్లవారుజామున 2:00కి మొదటిసారి 36 కిందికి పోయింది. సోమవారం 7:30 దాకా పైకి రాలేదు. అంటే 53 గంటల 30 నిమిషాలు. అందులో ఆదివారం 1:00 ఏఎం నుంచి 9:30 ఏఎం దాకా 32 కన్నా కింద ఉంది, అది 8 గంటల 30 నిమిషాలు. అన్నిటికన్నా తక్కువ 30.7, సెల్సియస్‌లో మైనస్ 0.7. ఈ రెండు వ్యవధులనూ విడిగా రాయాలి. వారాంతం సగటు 33 అని రాస్తే దేనికీ పనికిరాదు, ఎందుకంటే వ్యాక్సిన్‌కి తగిలిన దెబ్బ సగటులో కనబడదు.

ఒక మాట. లాగర్‌కి వేడి కొలిచే ప్రోబ్ గ్లైకాల్ అనే ద్రవమున్న సీసాలో ముంచి ఉంటుంది. తలుపు తెరిచినప్పుడల్లా గాలి వేడి మారినా, వ్యాక్సిన్ వయల్‌లోని మందు వేడి అంత త్వరగా మారదు. ప్రోబ్ ఆ మందునే పోలి నడవాలని అలా పెడతారు. కాబట్టి ‘అది ఉత్త గాలి వేడిలే’ అని 30.7ని కొట్టిపారేయలేం. పైగా ప్రోబ్ ఫ్రిజ్ మధ్యలో ఉంటుంది. చల్లగాలి వచ్చే రంధ్రం పక్కన పెట్టిన డబ్బాలు ఇంకా చల్లబడి ఉండొచ్చు. ఏ డబ్బా ఏ అరలో ఉందో కదిలించకముందే ఫోన్‌తో ఫోటో తీసుకోవడం మంచిది.

తర్వాత స్టాక్ లెక్క. ఈ ఫ్రిజ్‌లో డాప్టాసెల్ 14 డోసులు, ‘ప్రెవ్‌నార్ 20’ 12 డోసులు, ఎంజెరిక్స్-బి 8 డోసులు, ‘గార్డసిల్ 9’ 6 డోసులు, ‘ఎంఎంఆర్ 2’ 10 డోసులు ఉన్నాయనుకుందాం. మొత్తం 50. ప్రతి డబ్బాకీ లాట్ నంబరు, ఎక్స్‌పైరీ, డోసుల సంఖ్య రాయాలి. ఒకే వ్యాక్సిన్‌లో రెండు లాట్లుంటే రెండు వరసలు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ స్టాక్‌నీ, క్లినిక్ కొన్న ప్రైవేట్ స్టాక్‌నీ కలపకూడదు. మొదటిదానికి రాష్ట్ర ఇమ్యునైజేషన్ ప్రోగ్రామ్‌కి లెక్క చెప్పాలి, రెండోదాని నష్టం క్లినిక్‌ది. ఫ్రీజర్‌లో విడిగా ఉన్న వ్యారిసెల్లా ఈ లెక్కలోకి రాదు, కాకపోతే దాని లాగర్‌ని కూడా ఒకసారి చూసి ఆ మాట రాసిపెట్టాలి.

ఇక వాడాలా వద్దా అన్నది మనం తేల్చేది కాదు. ఇండియాలో వయల్ మీద వేడికి రంగు మారే వీవీఎం చతురస్రం చూసి చెప్పడం మనకు అలవాటు. ఇక్కడి వయల్స్ మీద సాధారణంగా అది ఉండదు. ఉన్నా అది వేడి గుర్తే గానీ చలిని పట్టదు. వయల్‌ని ఊపి, తేట చూసి ‘బాగానే ఉంది’ అనడం కూడా ఇక్కడ చెల్లదు. గడ్డకట్టి చెడినవన్నీ చూడ్డానికి తేడాగా ఉండాలని లేదు. ప్రతి తయారీ కంపెనీకీ విడివిడిగా ఫోన్ చేయాలి. వాళ్లు అడిగేవి తక్కువా ఎక్కువా రీడింగులు, హద్దు దాటి ఉన్న మొత్తం సమయం, లాట్ నంబర్లు, ఇదే డబ్బాకి ఇంతకుముందు ఇలా జరిగిందా అన్నది. జవాబుతో పాటు కేస్ నంబరూ రాతపూర్వక ఉత్తరమూ అడిగి తీసుకోవాలి. ఫోన్‌లో చెప్పిన మాట ఒక్కటే ఫైల్‌కి సరిపోదు.

గార్డసిల్ 9 సంగతి చూస్తే ఈ లెక్కంతా ఎందుకో తెలుస్తుంది. సున్నా నుంచి 2 డిగ్రీల సెల్సియస్ మధ్య మొత్తం 72 గంటలు మించకపోతే ఇవ్వొచ్చని దాని లేబుల్ మీదే ఉంది. మన ఫ్రిజ్ 31 దాకా పోకుండా 33 దగ్గర ఆగి ఉంటే, 53 గంటల 30 నిమిషాలు ఆ వెసులుబాటులోనే పడేవి, ఆరు డోసులూ దక్కేవి. కానీ 8 గంటల 30 నిమిషాలు సున్నా కింద ఉంది. ఆ వెసులుబాటు సున్నా దగ్గరే ఆగిపోతుంది. డాప్టాసెల్, ప్రెవ్‌నార్, ఎంజెరిక్స్‌లలో కూడా అల్యూమినియం ఉంది. ఈ 40 డోసులకూ వాడొద్దన్న జవాబు వస్తుందనే అనుకుని, పిల్లల అపాయింట్‌మెంట్లు మార్చుకోవడం మొదలుపెట్టాలి.

ఎంఎంఆర్ 2 వేరు. అది ఎండబెట్టిన పొడి. మైనస్ 50 నుంచి ప్లస్ 8 సెల్సియస్ దాకా నిల్వ చేయొచ్చని లేబులే చెబుతుంది. అందుకే ఆ పది డోసుల మీద ఆశ పెట్టుకోవచ్చు, అయినా కంపెనీ మాట వచ్చేదాకా కవర్లోనే ఉండాలి. దానితో వచ్చే నీటి వయల్స్‌ని మాత్రం మర్చిపోకూడదు. ఆ నీరు గడ్డకట్టకూడదు. అవి కూడా అదే ఫ్రిజ్‌లో ఉంటే వాటి గురించి విడిగా అడగాలి. గది వేడిలో బయట పెట్టుకున్నవైతే ఏ గొడవా లేదు.

శనివారం కూడా క్లినిక్ తెరిచి, ఎవరికైనా ఈ స్టాక్‌లోంచి ఇచ్చి ఉంటే, ఆ పిల్లల జాబితా తీసి డాక్టర్‌గారికి ఇవ్వాలి. హద్దు తప్పి చెడిన డోసుని సాధారణంగా మళ్లీ వేయాల్సి ఉంటుంది. ప్రాణం లేని వ్యాక్సిన్ అయితే వీలైనంత త్వరగా, లైవ్ వ్యాక్సిన్ అయితే కనీసం నాలుగు వారాల ఎడంతో.

రిపోర్టులో ‘ఎవరు తిప్పారు’ అన్నదాని కన్నా అలారం ఎవరికి పోయిందన్నది ముఖ్యం. లాగర్ శనివారం తెల్లవారుజామునే మోగి ఉండాలి. ఖాళీ గదిలో మోగిందా, ఉద్యోగం మానేసిన మనిషి ఫోన్‌కి పోయిందా చూడాలి. నంబర్ల జాబితా మార్చి, థర్మోస్టాట్ మీద ‘కోఆర్డినేటర్ తప్ప ఎవరూ తిప్పొద్దు’ అని అంటించాలి. పై అర ఖాళీ చేసి నీళ్ల సీసాలతో నింపితే వేడి అంత త్వరగా మారదు. రీడింగులు హద్దులో నిలకడగా ఉన్నాయని లాగర్‌లో కనబడ్డాకే స్టాక్‌ని మళ్లీ లోపల పెట్టాలి.

కంపెనీ వాడొచ్చన్న డబ్బాల మీద ఇలా హద్దు తప్పిన తేదీ, రెండు వ్యవధులు, కేస్ నంబరు రాసి, ముందు అవే వాడేయాలి. మళ్లీ ఎప్పుడైనా హద్దు తప్పితే ఆ గంటలను ఈ గంటలకే కలిపి లెక్కగడతారు.