అర బ్యాండు విలువ అందరికీ ఒకటి కాదు

నల్లగొండ నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేస్తే మొదటి మాట ఒకటే: "అన్నా, ఈసారి కటాఫ్ ఎంత?" కెనడాలో శాశ్వత నివాసానికి మనుషులను ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో కటాఫ్ పాస్ మార్కు కాదని అతనికి ఎన్నోసార్లు చెప్పాను. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఫలానా కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో చూస్తాం కదా, ఇదీ అంతే. ప్రొఫైల్ పెట్టి పూల్‌లో ఉన్నవాళ్లను, వయసు, చదువు, భాష, అనుభవాలకు పాయింట్లు వేసే సీఆర్ఎస్ స్కోరు వరుసలో పెట్టి, ఒక్కో రౌండులో పైనుంచి కావలసినంత మందిని దరఖాస్తు చేసుకోమని పిలుస్తారు. ఆఖరున పిలుపు అందినవాడి స్కోరే కటాఫ్. ఆ స్కోరు దగ్గర చాలామంది ఉంటే ముందుగా ప్రొఫైల్ పెట్టినవాళ్లకు పిలుపు వస్తుంది. మధ్యలో వివరాలు మార్చుకున్నా ఆ తేదీ మారదు. ప్రొఫైల్ తీసేసి కొత్తది పెడితే మాత్రం పాత తేదీ పోతుంది.

మా ఇద్దరికీ ఐఈఎల్‌టీఎస్‌లో ఒకే మార్కులు వచ్చాయి: వినడంలో 8, చదవడంలో 7, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5. రాయడంలోనూ 7 వచ్చి ఉంటే, కెనడా వాళ్లు ఇంగ్లిష్‌ను కొలిచే సీఎల్‌బీ స్థాయిల్లో నాలుగింటిలోనూ 9 అయ్యేది. ఆ అర బ్యాండు మా ఇద్దరి స్కోర్లలో చేసే తేడా చూస్తేనే ఈ లెక్క అర్థమవుతుంది.

తమ్ముడిది ఎంటెక్, హైదరాబాద్‌లో మూడేళ్లకు పైగా ఉద్యోగం, వయసు 29, పెళ్లి కాలేదు. వయసుకు 110, చదువుకు 135, భాషకు 116. చదువును భాషతో కలిపి చూస్తే 25, కెనడా లెక్కలో విదేశీ అనుభవమైన హైదరాబాద్ ఉద్యోగాన్ని భాషతో కలిపి చూస్తే మరో 25. మొత్తం 411. రాయడంలో 7 వస్తే భాషకు పెరిగేది 8 మాత్రమే. కానీ నాలుగు విభాగాలూ సీఎల్‌బీ 9కి చేరడంతో ఆ రెండు 25లూ 50లవుతాయి. స్కోరు 469కి వెళుతుంది. అంటే ఒక్క అర బ్యాండుకు 58 పాయింట్లు.

నాకు అదే అర బ్యాండు తెచ్చేది 8 పాయింట్లే. నాకు కెనడాలోని బ్రాంప్టన్‌లో అకౌంట్స్ ఉద్యోగంలో ఏడాది పూర్తయింది. డిగ్రీ, ఇక్కడి రెండేళ్ల డిప్లొమా, హైదరాబాద్‌లో మూడేళ్ల అనుభవం ఉన్నాయి. కెనడా అనుభవం చదువుతో కలిసి 25, పాత ఉద్యోగంతో కలిసి 25 ఇస్తుంది. భాషతో కలిసి ఇంకో రెండు 25లు ఉండనే ఉన్నాయి. ఈ కలగలుపు పాయింట్లకు గరిష్ఠ పరిమితి 100. నా కోటా ముందే నిండింది. 31 ఏళ్ల వయసుకు 99తో నా స్కోరు 498. రాయడంలో 7 వస్తే 506. ఇంకో ఏడాది ఉద్యోగం చేస్తే అనుభవానికి 13 పెరుగుతాయి, వయసుకు 5 తగ్గుతాయి. ఏడాది చాకిరీకి మిగిలేది మళ్లీ ఆ 8! దీన్ని అన్యాయమని నేను అనను గానీ, నవ్వు మాత్రం వస్తుంది.

అందుకే ఎవరైనా "నేను ఏం మెరుగుపరచుకోవాలి?" అని అడిగితే, ముందు ఏ గడిలో పరిమితి నిండిందో చూసుకోమంటాను. తమ్ముడు ఐఈఎల్‌టీఎస్ మళ్లీ రాయడం లాభం. నేను రాస్తే ఫీజుకు తగ్గ ఫలం రాదు.

అయితే 469 కూడా సాధారణ రౌండుకు చాలదు. 2024లో జరిగిన వాటి కటాఫ్ 500 దాటే ఉంది. అక్కడ అతనికి ఫ్రెంచ్ పనికొస్తుంది. నాలుగు విభాగాల్లోనూ ఏడో స్థాయి వస్తే రెండో భాషకు 12, అదనంగా 50 కలిసి 531 అవుతుంది. పైగా ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు విడిగా రౌండ్లు ఉన్నాయి; 2025 మార్చిలో ఒకదాని కటాఫ్ 379. కాకపోతే ఒక్క విభాగంలో ఏడో స్థాయి రాకపోయినా ఆ 50 రావు, ఆ రౌండుకూ అర్హత ఉండదు. ఉద్యోగం చేస్తూ సాయంత్రం క్లాసులతో కొన్ని నెలల్లో అందే స్థాయి కాదది. ఈలోగా 30 నిండితే వయసుకు 5 పోతాయి.

పోయిన వారం అతను ఇంకో కబురు తెచ్చాడు. ఎవరో ఏజెంటు కెనడా కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ ఇప్పిస్తానని, దానికి పాయింట్లు వస్తాయని లక్షలు అడుగుతున్నాడట. జాబ్ ఆఫర్ పాయింట్లను 2025 మార్చి 25న తీసేశారని, ఆ కాగితంతో స్కోరులో ఒక్క అంకె కూడా కదలదని చెప్పాను. ఆ డబ్బులో కొంత ఫ్రెంచ్ క్లాసుకు కట్టమన్నాను. హైదరాబాద్ కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్ ఒక్కటే కాకుండా, చేసిన పనులు, వారానికి గంటలు, జీతం రాసిన ఉత్తరం ఇప్పుడే తీసుకోమన్నాను. పిలుపు వచ్చాక దరఖాస్తుకు ఇచ్చేది 60 రోజులే. పాత మేనేజరు అప్పటికి అదే కంపెనీలో ఉంటాడని ఎవరు చెప్పగలరు?