మూడు గుర్తులూ చెప్పాను, పరీక్ష తప్పాను: నా ఎం.డి. రేడియాలజీ ప్రాక్టికల్ అనుభవం

మొన్న సాయంత్రం ఫలితాలు వచ్చాయి. రెండో ప్రయత్నంలో పాసయ్యాను. నాయుడుపేటలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెప్పేసరికి గొంతు పూడుకుపోయింది. ఆరు నెలలుగా గుండెల మీద ఉన్న బరువు దిగింది. థియరీ ఎలా చదివాను, ఏ పుస్తకాలు చూశాను అన్నది ఇక్కడ రాయడం లేదు. అవి అందరూ చదివేవే, నేనూ అవే చదివాను. నన్ను తప్పించిన ఒక్క అల్ట్రాసౌండ్ కేసు గురించి మాత్రం వివరంగా రాస్తాను. వచ్చే విడత ప్రాక్టికల్‌కు వెళ్లేవాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుంది.

మొదటి ప్రయత్నం చెన్నైలోనే, మేము రోజూ పని చేసే గదిలాంటి గదిలోనే జరిగింది. నాకు ఇచ్చిన పేషెంటుకు ఇరవై ఎనిమిదేళ్లు. సూళ్లూరుపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన తెలుగావిడ. కాగితం మీద ‘ఎనిమిది నెలలుగా పొట్ట ఉబ్బు’ అని మాత్రమే ఉంది. అప్పటిదాకా అరకొర తమిళంలో ‘మూచ్చు ఇళుత్తు పిడింగ’ అని చెప్పుకుంటూ నెట్టుకొచ్చిన నాకు తెలుగు పేషెంటు దొరకడం అదృష్టమనిపించింది. ఊపిరి గట్టిగా పీల్చి బిగపట్టమంటే ఆమె చక్కగా బిగపట్టింది.

ప్రోబ్ పెట్టగానే నల్లటి నీళ్లు, నీళ్లలో తేలుతున్న పేగులు, చిన్నబోయిన లివర్. కర్వ్‌డ్ ప్రోబ్ తీసి లీనియర్ ప్రోబ్ అందుకున్నాను. ఛాతీ ఎముక కొన కింద, లెఫ్ట్ లోబ్ మీద పెట్టి డెప్త్ తగ్గించాను. లివర్ పైపొర ఆరోగ్యంగా ఉంటే గీటు గీసినట్టు సన్నగా, తెల్లగా, తెగకుండా కనిపించాలి. ఇక్కడ అది సీతాఫలం తొక్కలా ఎగుడుదిగుడుగా ఉంది. ముందు నీళ్లు ఉండడంతో ఆ నలుపు మీద ప్రతి బొడిపె విడివిడిగా తెలుస్తోంది. ఇంతవరకూ నేను చేసింది సరైనదే, ఈ మాట ఇప్పుడూ గట్టిగా అంటాను. కర్వ్‌డ్ ప్రోబ్‌తోనే అంచు నాడ్యులర్ అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రైట్ లోబ్ మీద డయాఫ్రమ్ కండర పోగులు నొక్కిన చోట పడే గాడిని కూడా నాడ్యూల్ అనుకునే ప్రమాదం ఉంది. అందుకే అంచును లెఫ్ట్ లోబ్ దగ్గర, లీనియర్ ప్రోబ్‌తో చూడాలి. నీళ్లు లేని పేషెంటులో ఇది మరీ అవసరం.

తరువాత కొలతలు తీశాను. మిడ్‌క్లావిక్యులర్ గీత వెంట రైట్ లోబ్ 9.8 సెంటీమీటర్లు. కాడేట్ లోబ్ మాత్రం ఉబ్బి ఉంది. అడ్డకోతలో కాడేట్ వెడల్పు 5.4, రైట్ లోబ్ వెడల్పు 6.5, అంటే నిష్పత్తి 0.83. 0.65 దాటితే సిరోసిస్ వైపు మొగ్గాలని మనమందరం బట్టీ పట్టిందే. ‘సిరోసిస్, పోర్టల్ హైపర్‌టెన్షన్, అసైటిస్’ అని చెప్పి ప్రోబ్ పక్కన పెట్టాను. నాలుగు నిమిషాల్లో ముగించానని లోలోపల సంతోషం కూడా కలిగింది.

ఎగ్జామినర్ ఒక్క ప్రశ్న వేశారు. ‘హెపాటిక్ వెయిన్లు ఎలా ఉన్నాయి?’

నేను చూడలేదు. చూడలేదని ఒప్పుకోకుండా, ‘నాడ్యూల్స్ నొక్కడం వల్ల సన్నబడ్డాయి సార్’ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ అమ్మాయిని ఓ పక్కకు తిరగమని, వీపు మీది దుప్పటి కొంచెం పక్కకు తొలగించారు. నడుము నుంచి వీపు మీదుగా పైకి వేలి లావున మెలికలు తిరిగిన నరాలు కనిపించాయి. పాదాలు కూడా ఉబ్బి ఉన్నాయి. ఆమెతో తెలుగులో అన్ని మాటలు మాట్లాడిన నేను కాళ్ల వాపు ఎప్పటి నుంచి అని అడగలేదు.

సాధారణ సిరోసిస్‌లో నరాలు తేలేది పొట్ట ముందు భాగం మీద. వీపు మీద, పక్కల మీద తేలి, రక్తం కింది నుంచి పైకి వెళుతుంటే ఐవీసీకి ఎక్కడో అడ్డు ఉందని అర్థం. అది బడ్-కియారీ కేసు. ఐవీసీలో, హెపాటిక్ వెయిన్లు కలిసే చోటికి దగ్గరగా ఒక పొర అడ్డం పడి ఉంది.

ఆ రాత్రి తాంబరం వెళ్లే లోకల్ రైలులో కూర్చుని నాతో నేనే వాదించుకున్నాను. లివర్ నిజంగానే నాడ్యులర్‌గా ఉంది కదా, దీర్ఘకాలం సాగిన బడ్-కియారీలో ఫైబ్రోసిస్ వచ్చి సిరోసిస్ కూడా అవుతుంది కదా, మరి నా జవాబులో తప్పేముంది అని. తప్పేముందో తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది. అంచు, సైజు, నీళ్లు అనే మూడు గుర్తులూ లివర్ ఏ స్థితికి చేరిందో చెబుతాయి, ఎందుకు చేరిందో చెప్పవు. నేను రుజువుగా చూపించిన కాడేట్ లోబ్ రెండు జబ్బుల్లోనూ పెరుగుతుంది. సిరోసిస్‌లో దానికి పోర్టల్ రక్తం కుడి ఎడమ కొమ్మలు రెండింటి నుంచీ, దగ్గరి దారిలో అందుతుంది కాబట్టి అది నిలదొక్కుకుంటుంది. బడ్-కియారీలో కారణం వేరు. కాడేట్ నుంచి రక్తం మూడు పెద్ద హెపాటిక్ వెయిన్ల ద్వారా పోదు, తన సొంత చిన్న సిరల గుండా నేరుగా ఐవీసీలోకి పోతుంది. మిగతా లివర్‌కు బయటి దారి మూసుకుపోయినా దీని దారి తెరిచే ఉంటుంది. అందుకే అది పెరుగుతూ పోతుంది, దాని సిర కూడా లావెక్కుతుంది. మామూలుగా కంటికి ఆనని ఆ కాడేట్ వెయిన్ 3 మిల్లీమీటర్లు దాటి కనిపిస్తే బడ్-కియారీని గట్టిగా అనుమానించాలి.

కారణం కనిపెట్టడం ఆమెకు ఎంత ముఖ్యమో కూడా చెప్పాలి. ఆ పొరను బెలూన్‌తో తెరవవచ్చు, అవసరమైతే స్టెంట్ వేయవచ్చు. ‘సిరోసిస్’ అని రాసి పంపితే ఆమెకు నీళ్ల మాత్రలు, ఉప్పు తగ్గించమనే సలహా మాత్రమే దక్కేవి. పరీక్ష తరువాత అక్కడ పని చేసే ఒక సీనియర్‌ను అడిగితే, ఆమెకు బెలూన్ చికిత్స జరిగిందని, పొట్ట తగ్గిందని చెప్పారు. ఆ మాట విన్న రోజు నా మార్కుల సంగతి మరిచిపోయాను.

ఇక మిగిలింది అసలు చిక్కు. ‘నాడ్యూల్స్ నొక్కడం వల్ల సన్నబడ్డాయి’ అన్న నా మాట పూర్తిగా అబద్ధం కాదు. మామూలు సిరోసిస్‌లో హెపాటిక్ వెయిన్లు నిజంగానే సన్నబడతాయి, గ్రే స్కేల్‌లో ఒక్కోసారి అసలు దొరకవు. దొరకనంత మాత్రాన మూసుకుపోయాయని అనకూడదు. ఈ రెండింటినీ వేరు చేయడం మీదే ఆరు నెలలు పని చేశాను. డ్యూటీలో వచ్చిన ప్రతి సిరోసిస్ పేషెంటులో మూడు సిరలనూ ఐవీసీ దాకా వెంబడించకుండా ప్రోబ్ ఎత్తలేదు. ఎదురుగా క్యూ ఎంత పొడవున్నా సరే.

ముందు రిబ్స్ కింద నుంచి ప్రోబ్‌ను పైకి వంచి, పేషెంటు ఊపిరి బిగపట్టినప్పుడు సిరలు ఐవీసీలో కలిసే చోటును చూడాలి. చివరి రెండు సెంటీమీటర్లే కీలకం, అడ్డు సాధారణంగా ఉండేది అక్కడే. లివర్ చిన్నబోయి పైకి జరిగితే అలా కనిపించదు. అప్పుడు పేషెంటును ఎడమ పక్కకు కొంచెం తిప్పి రిబ్స్ మధ్య నుంచి చూడాలి. తరువాత కలర్ వేయాలి. ఇక్కడే చాలామంది జారతారు. స్కేల్ పైన ఉంటే నెమ్మదిగా పారే రక్తం కనిపించదు, తెరిచి ఉన్న సిరను మూసుకుపోయిందని రాసేస్తారు. స్కేల్ సెకనుకు 15 సెంటీమీటర్ల దరిదాపుకు దించి, వాల్ ఫిల్టర్ తగ్గించి, అప్పుడు మాట్లాడాలి.

అది సిరోసిస్ మాత్రమే అయితే సిర సన్నగా ఉన్నా తిన్నగా వెళ్లి ఐవీసీలో కలుస్తుంది. డాప్లర్ గీతలో అలలు చదునుగా మారవచ్చు గానీ ప్రవాహం గుండె వైపే ఉంటుంది. బడ్-కియారీ అయితే సిర తెల్లటి తాడులా మారుతుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. దారి లేక రక్తం వెనక్కి తిరిగి, కామా ఆకారపు వంకర సిరల ద్వారా పక్క సిరలోకో లివర్ పైపొర వైపుకో పోతుంది. ఆ వంకర సిరలు కనిపిస్తే ఇక సందేహం దాదాపు తీరినట్టే. చివరగా ఐవీసీని నిలువుగా, డయాఫ్రమ్ దాకా చూడాలి. పొర అక్కడే దొరుకుతుంది. పొర లేకపోయినా ఉబ్బిన కాడేట్ నొక్కడం వల్ల ఐవీసీ సన్నబడి ఉండవచ్చు.

గుండె జబ్బు వల్ల వచ్చే నీళ్లను కూడా ఇదే చూపులో పట్టుకోవచ్చు. అందులో హెపాటిక్ వెయిన్లు, ఐవీసీ ఉబ్బి, ఊపిరితో పాటు కుంచించుకోకుండా నిలిచిపోతాయి. అంటే ఒక్క హెపాటిక్ వెయిన్ల చోటే మూడు జబ్బులను వేరు చేస్తుంది. వాటిని చూడకుండా కొలతలతో సరిపెట్టుకున్నాను.

రెండో ప్రయత్నంలో యాభై నాలుగేళ్ల మనిషి వచ్చారు, మద్యం అలవాటు ఉందని ఆయనే చెప్పారు. నాడ్యులర్ అంచు, చిన్న లివర్, పొట్ట నిండా నీళ్లు. మళ్లీ అదే బొమ్మ. ఈసారి ముందు కాళ్లు, వీపు చూశాను. పోర్టల్ వెయిన్ 14 మిల్లీమీటర్లు, రక్తం లివర్ వైపే పారుతోంది గానీ వేగం సెకనుకు 11 సెంటీమీటర్లే. లోపల గడ్డ లేదు. స్ప్లీన్ 15 సెంటీమీటర్లు. గాల్‌బ్లాడర్ గోడ 7 మిల్లీమీటర్ల మందం ఉంది. రాయి లేదు, నొక్కినా నొప్పి లేదు కాబట్టి దాన్ని కోలిసిస్టైటిస్ అనలేదు, సిరోసిస్‌కూ అసైటిస్‌కూ తోడుగా వచ్చే వాపు అన్నాను. లివర్ మొత్తం గాలించాను, విడిగా నిలిచే నాడ్యూల్ ఏదీ లేదు. 10 మిల్లీమీటర్లు దాటినది కనిపించి ఉంటే కాంట్రాస్ట్ సీటీ గాని ఎంఆర్ఐ గాని రాసేవాడిని.

‘సిరోసిస్ అని ఎలా అంటారు?’ అని అడిగారు ఎగ్జామినర్. ఈయన వేరే ఆయన. నేను కలర్ వేసి రైట్ హెపాటిక్ వెయిన్‌ను పట్టుకున్నాను. రెండున్నర మిల్లీమీటర్ల సన్నటి నీలి గీత. మధ్యలో ఒకచోట మాయమైంది. స్కేల్ ఇంకొంచెం దించి, ఆయనను ఊపిరి బిగపట్టమన్నాను. గీత మళ్లీ తేలి, తిన్నగా వెళ్లి ఐవీసీలో కలిసింది. మిడిల్, లెఫ్ట్ వెయిన్లనూ అలాగే చూపించాను. వంకర సిరలు ఎక్కడా లేవు, కాడేట్ వెయిన్ కనిపించలేదు, ఐవీసీ డయాఫ్రమ్ దాకా ఖాళీగా ఉంది.

‘ఆ స్కేల్ ఎందుకు మార్చారు?’ అని అడిగారు. చెప్పాను. ఆయన తల ఊపి తరువాతి పేషెంటు కాగితం అందుకున్నారు.