స్క్రిప్టు నుంచి చాప్టర్లు తీయడం: నా అనుభవం

ధవళేశ్వరం ఆనకట్ట మీద ఒక యూట్యూబ్ చానల్‌కు పెద్ద స్క్రిప్టు రాసిచ్చాను. డబ్బులు వచ్చేశాయి, నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు చానల్ నడిపేవారు ఫోన్ చేసి, "వీడియో నలభై నిమిషాలు దాటుతోందండీ, ఇలాంటివి జనం మధ్యమధ్యలో దూకి చూస్తారు, చాప్టర్ పేర్లూ టైమ్‌స్టాంపులూ కూడా మీరే ఇచ్చేయండి, స్క్రిప్టు మీదే కదా" అన్నారు. ఆ "కూడా" అన్న మాటకు విడిగా పైసా లేదు. అయినా సరేనన్నాను. ఇది ఇంకా వేడి మీదుండగానే రాసేస్తున్నాను.

స్క్రిప్టును ముక్కలు చేయడం తేలిగ్గానే అయింది. ప్రతి పేరా పక్కన "ఇది ఏ ప్రశ్నకు జవాబు?" అని ఒక వాక్యం రాసుకుంటూ పోయాను. ప్రశ్న మారిన చోట చాప్టర్ మారుతుంది. సీను మారిందనో, సంగీతం మారిందనో కొత్త చాప్టర్ పెట్టక్కర్లేదు.

పేర్ల దగ్గర కొంచెం పేచీ పడింది. స్క్రిప్టులో నేను పెట్టుకున్న శీర్షికలు నాటకీయంగా ఉంటాయి: "ఎండిన నేల", "ఒక సాహసం మొదలైంది", అలా. మొదటి నుంచీ చూసేవాడికి అవి బాగుంటాయి. దూకేవాడికి వాటితో పనిలేదు, వాడు ఏదో ఒకటి వెతుక్కుంటూ వచ్చాడు. "ఎండిన నేల" తీసేసి "1832-33 నందన కరువు" అని పెట్టాను. చానల్ వారు వీణెం వీరన్న గారి భాగానికి "అసలు హీరో ఎవరు?" అని పెట్టమన్నారు. కాటన్ దగ్గర పనిచేసిన వీరన్న గురించి తెలుసుకోవాలని వచ్చినవాడు ఆ పేరు కనపడితేనే నొక్కుతాడు, చిక్కుప్రశ్న కనపడితే నొక్కడు. ఇంకో సంగతి, ప్రోగ్రెస్ బార్ మీద పొడుగు పేర్లు తెగిపోతాయి. ప్రతి పేరూ "కాటన్ దొర..." అని మొదలుపెడితే తెగినదాంట్లో అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా చూపించే మాట ముందుకు రావాలి.

అసలు గోల టైమింగుల దగ్గర మొదలైంది.

వాయిస్ రికార్డింగ్ కూడా కాకముందే చానల్ వారు టైమింగులు అడిగారు. ఇవి ఉజ్జాయింపు లెక్కలే, చివరివి కావు అని ముందే చెప్పి ఇచ్చాను. వాయిస్ చెప్పే ఆవిడ పాత వీడియోల్లో నిమిషానికి సుమారు 95 మాటలు చదువుతారు. స్క్రిప్టులో 3,900 మాటలు. అంటే 41 నిమిషాల 3 సెకన్లు. "ధవళేశ్వరమే ఎందుకు?" అన్న చాప్టర్ 1,330 మాటల తర్వాత మొదలవుతుంది కాబట్టి 14:00 దగ్గర. మిగతావీ అలాగే. ఇంగ్లీషు వాళ్ల లెక్క నిమిషానికి 150 మాటలు అంటారు గానీ అది మనకు పనికిరాదు. "చెప్పుకోలేకపోతున్నారని" అన్నది మనకు ఒక్క మాట, చదవడానికి పట్టే సమయం మాత్రం ఒక్క మాటది కాదు. ఎవరి గొంతుకు వాళ్ల పాత రికార్డింగు మీద కొలుచుకోవాల్సిందే.

ఎడిటింగ్ అయ్యేసరికి వీడియో 46:20 వచ్చింది. నేను ఫైనల్ ఫైల్ పంపమన్నాను. "ఫైల్ పెద్దదండీ, అంతసేపు ఎక్కించలేం. మీ లెక్కనే ఆ రేషియోలో పెంచేస్తే సరిపోతుంది" అన్నారు చానల్ వారు. అది కుదరదని చెప్పాను, వినలేదు. ఆయనే కూర్చుని నా టైమింగులన్నిటినీ 1.1287తో గుణించి వీడియో ఎక్కించేశారు. 14:00 కాస్తా 15:48 అయింది.

మర్నాడు పొద్దున వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపారు. "ధవళేశ్వరమే ఎందుకు?" నొక్కిన ఒకాయనకు ధవళేశ్వరం రాలేదు, స్పాన్సర్ ప్రకటన వచ్చింది, అదీ దాదాపు మొదటి నుంచి. "కావాలని యాడ్ మీదకు తోస్తున్నారు, దొంగ బుద్ధి" అని ఆయన రాశారు. కింద ఇంకొకరు, "స్క్రిప్టు రాసినాయనకు నిమిషాలు లెక్కపెట్టడం కూడా రాదేమో" అని. వివరణలో నా పేరు ఉంది మరి! గుణించినాయన పేరు ఎక్కడా లేదు. చానల్ వారు ఆ స్క్రీన్‌షాట్ కింద ఒకే ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నారు. మా ఇంట్లో అందరూ చదివారు, మా బావమరిదైతే పైకి చదివి మరీ వినిపించాడు.

గుణకారం ఎందుకు తప్పిందో ఇక్కడే విడమర్చి చెప్తాను, ఎందుకంటే ఈ సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. రేషియో పనిచేయాలంటే ఆ పెరిగిన అయిదు నిమిషాలూ వీడియో అంతటా సమానంగా పరుచుకుని ఉండాలి. అవి అలా పెరగవు, కుప్పలుగా పడతాయి. ధవళేశ్వరం చాప్టర్ కన్నా ముందే ఏమేం చేరాయో చూడండి. మొదట్లో చానల్ లోగోతో కలిపి 40 సెకన్ల టీజర్ పెట్టారు. లంకల మీద డ్రోన్ షాటు, వెనక సంగీతం, అది 30 సెకన్లు. కరువు భాగం అయ్యాక స్పాన్సర్ ప్రకటన 1:05. మొత్తం రెండుంపావు నిమిషాలు. పైగా స్క్రిప్టులో "1847" అంటే లెక్కలో ఒక్క మాట. నోటితో అంటే "పద్దెనిమిది వందల నలభై ఏడు", నాలుగు మాటలు. సంవత్సరాలు, రూపాయలు, గజాలు ఉన్న పేరాలు ఎక్కువగా ఈ మొదటి సగంలోనే ఉన్నాయి. దానికి ఇంకో 32 సెకన్లు పోయాయి. 14:00కి ఇవన్నీ కలిపితే 16:47. ఆ చాప్టర్ నిజంగా మొదలైంది అక్కడే. ప్రకటన 15:42కి మొదలై 16:47కి అయిపోతుంది. ఆయన పెట్టిన 15:48 దాని మొహం మీదే పడింది. ఈ లెక్కంతా రాసి పంపాను. జవాబు లేదు.

చివరికి ఎడిటర్ కుర్రాడికి నేరుగా ఫోన్ చేశాను. చానల్ మొత్తానికి పనిమంతుడు అతనొక్కడే అని నా అభిప్రాయం. ప్రతి చాప్టర్‌లో గొంతు పలికే మొదటి వాక్యాన్ని పేరు పక్కన రాసి పంపాను. టైమ్‌లైన్ మీద ఆ వాక్యం వినపడ్డ చోట మార్కర్ పెట్టి పంపమన్నాను. నా పాత ఉజ్జాయింపు లెక్క అప్పుడు పనికొచ్చింది, ఎక్కడ వెతకాలో చెప్పడానికి. దానికి మించి పనికిరాదు కూడా.

అతను పంపిన జాబితాలో "01:16:47:18" అని ఉంది. వీడియో గంట కూడా లేదు, గంటా పదహారు నిమిషాలు ఎక్కడిది? అడిగితే అతనికే ఆశ్చర్యం, "మా టైమ్‌లైన్ గంట నుంచే మొదలవుతుంది సార్, అందరికీ తెలుసనుకున్నా" అన్నాడు. కాబట్టి ముందు 01 తీసేయాలి. చివరి 18 సెకన్లు కావు, ఫ్రేములు. సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి అది ముప్పావు సెకను లోపు. దాన్ని 16:48కి సవరించకూడదు, 16:47గానే ఉంచాలి. ముందుకు సవరిస్తే "ధవళేశ్వరం"లో "ధవ" తెగిపోతుంది. ఎప్పుడూ కిందికే.

వీరన్న గారి దగ్గర ఇంకో చిక్కు. స్క్రిప్టు ప్రకారం ఆ భాగం "ఆయన లేకపోతే ఈ పని ఇంత తొందరగా అయ్యేది కాదు" అని మొదలవుతుంది, 31:12 దగ్గర. వరసగా చూసేవాడికి ఉత్కంఠ. దూకినవాడికి మాత్రం "ఆయన" ఎవరో తెలియదు, పైగా ముందంతా కాటన్ గురించే కాబట్టి కాటనే అనుకుంటాడు. పేరు పలికే వాక్యం 31:21కి వస్తుంది. మార్కు అక్కడ పెట్టాను. వాయిస్ ఎలాగూ మార్చలేం, మార్కు జరపడానికి ఖర్చు లేదు. ఈసారి నుంచి చాప్టర్ మొదటి వాక్యంలో సర్వనామం రాకుండా స్క్రిప్టులోనే చూసుకుంటాను.

ఇవన్నీ వివరణలో పెడితే చాప్టర్లు అసలు కనపడనే లేదు. అంకెలు నీలంగా మారాయి, నొక్కితే దూకుతున్నాయి, కానీ బార్ మీద గీతలు లేవు, పేర్లు లేవు. చానల్ వారు వెంటనే "మీ వల్లే" అన్నారు. చూస్తే జాబితా 00:06 నుంచి మొదలైంది, చానల్ లోగో ఆరు సెకన్లు అయ్యాక గొంతు మొదలవుతుంది కాబట్టి కుర్రాడు అక్కడ మార్కర్ పెట్టాడు. యూట్యూబ్ నియమం ప్రకారం మొదటిది 00:00 అయి తీరాలి, కనీసం మూడు ఉండాలి, వరసగా పెరగాలి, ఏ చాప్టరూ పది సెకన్లకు తగ్గకూడదు. మొదటి అంకె మార్చగానే గీతలు వచ్చాయి. మొదటి సగం ఇలా నిలిచింది:

```
00:00 ఈనాటి బ్యారేజీ
02:10 ఆనకట్టకు ముందు గోదావరి
07:25 1832-33 నందన కరువు
16:47 ధవళేశ్వరమే ఎందుకు?
22:30 ఇసుక మీద పునాది
```

ఇక్కడితో అయిపోవాలి. కానీ 16:47 చూసి చానల్ వారికి కొత్త దిగులు పట్టుకుంది. ప్రకటన ఇప్పుడు కరువు చాప్టర్ తోకలో ఉంది, ధవళేశ్వరం నొక్కినవాడు దాన్ని దాటేస్తాడు. అందుకని మార్కును 15:42కి జరపమన్నారు. పొరపాటున పడితే ఒక తిట్టుతో పోయింది, తెలిసి పెడితే ఆ కామెంట్ రాసినాయన మాట నిజమవుతుంది. కావాలంటే "స్పాన్సర్" అని పేరు పెట్టి దానికే ఒక చాప్టర్ పెట్టండి, నిమిషానికి పైనే ఉంది, నియమానికి సరిపోతుంది అన్నాను. స్పాన్సర్ ఊరుకోడట. ఊరుకోకపోతే చూసేవాళ్లను మోసం చేయాలా? నా పేరు తీసేసి ఏమైనా చేసుకోండి అన్నాను. ఊరుకున్నారు.

ఊరుకున్నారనుకున్నాను. నిన్న రాత్రి, ఎక్కించిన వీడియోలోనే ముందున్న లోగోను ట్రిమ్ చేయించారట, "ఆరు సెకన్లే కదండీ" అన్నారు. ఇప్పుడు 00:00 తప్ప మిగతా ప్రతి మార్కూ ఆరు సెకన్లు వెనక్కి రావాలి, ధవళేశ్వరం 16:41 అవుతుంది. కొత్త జాబితా పంపాను, ఈసారి దాంతోపాటు బిల్లు కూడా పంపాను. రెండిట్లో ఏదీ ఇంకా తెరిచి చూసినట్టు లేదు.